ఆటోమేటిక్ బండితో కారవాన్ లాగాలంటే: ఏ గేర్ ఆయిల్, ఏ కూలర్, డీజిల్ ఎంత ఎక్కువ

నాది టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్న డీజిల్ ఎస్‌యూవీ. వెనక కట్టేది 1,500 కిలోల కారవాన్. దాన్ని కట్టుకుని మొదటిసారి పెద్ద కొండదారి ఎక్కినప్పుడు ముందు ఒక లోడు లారీ పడింది. వేగం 40కి తగ్గింది, దాటడానికి చోటు లేదు. బండి కంప్యూటర్‌లోని అంకెల్ని ఫోన్‌కి పంపే ఓబీడీ రీడర్ పెట్టుకుని ఉన్నాను కాబట్టి ఫోన్‌లో గేర్‌బాక్స్ ఆయిల్ వేడి కనబడుతోంది. కొండ మొదట్లో 92 డిగ్రీలు ఉన్నది ఎనిమిది నిమిషాల్లో 124కి చేరింది. డాష్‌బోర్డు మీద ఇంజిన్ వేడి చూపించే ముల్లు మాత్రం నడిమధ్య నుంచి కదల్లేదు. రీడర్ లేకపోతే నాకు ఏమీ తెలిసేది కాదు, అలాగే తొక్కుకుంటూ పోయేవాణ్ణి.

బండికి ట్రైలరో కారవానో కట్టాలనుకునేవాళ్లు మూడు ప్రశ్నలు అడుగుతారు. మంచి ఆయిల్ ఏది, కూలర్ అదనంగా పెట్టించాలా, మైలేజీ ఎంత పడిపోతుంది? ఎక్కువమంది ఆయిల్‌తో మొదలుపెడతారు. ఆ వరస తిరగేయాలని నా అభిప్రాయం. వేడి ఎక్కడ పుడుతుందో ముందు తెలిస్తే మిగతా రెండూ సగం తేలిపోతాయి. ఇక్కడ చెప్పేదంతా టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ గురించే. సీవీటీ, డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్‌ల సంగతి వేరు, వాటి గురించి మధ్యలో కాస్త చెబుతాను.

వేడి పుట్టేది స్లిప్‌లో

టార్క్ కన్వర్టర్ లోపల ఫ్యాన్‌ల్లాంటి రెండు చక్రాలు ఎదురెదురుగా ఆయిల్‌లో తిరుగుతుంటాయి. ఇంజిన్ వైపు చక్రం ఆయిల్‌ని విసురుతుంది, గేర్‌బాక్స్ వైపు చక్రం ఆ తోపుకి తిరుగుతుంది. రెండోది మొదటిదాని కంటే ఎప్పుడూ కొంత వెనకబడే ఉంటుంది. ఆ వెనకబాటునే స్లిప్ అంటారు. స్లిప్‌లో పోయిన శక్తి ఎటూ పోదు, మొత్తం వేడిగా మారి ఆ ఆయిల్‌లోనే చేరుతుంది. వేగం అందుకున్నాక లోపలున్న లాకప్ క్లచ్ రెండు చక్రాలనూ కలిపి పట్టేస్తుంది. అప్పుడు స్లిప్ దాదాపు ఉండదు.

లెక్క వేసి చూస్తే ఈ తేడా ఎంత పెద్దదో అర్థమవుతుంది. బండి 2,100 కిలోలు, కారవాన్ 1,500, కలిపి 3,600 కిలోలు అనుకుందాం. దారి 6 శాతం ఎక్కుడు, అంటే ప్రతి 100 మీటర్లకు 6 మీటర్ల ఎత్తు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే చక్రాల దగ్గర దాదాపు 48 కిలోవాట్లు కావాలి. లాకప్ పట్టకుండా కన్వర్టర్ 15 శాతం పోగొడుతోందనుకుంటే ఎనిమిదిన్నర కిలోవాట్ల వేడి పుడుతుంది. అంటే రెండు కిలోవాట్ల హీటర్లు నాలుగు గేర్‌బాక్స్‌లో పెట్టి ఆన్ చేసినట్టు. లోపల తొమ్మిది లీటర్ల ఆయిల్ ఉంటే, ఆ వేడంతా ఆయిల్ ఒక్కదానికే పడితే నిమిషానికి 30 డిగ్రీలు ఎక్కుతుంది. నిజంలో గేర్‌బాక్స్ లోహం కొంత పీల్చుకుంటుంది, ఉన్న కూలర్ కొంత లాగేస్తుంది. అందుకే నాకు 32 డిగ్రీలు ఎక్కడానికి ఎనిమిది నిమిషాలు పట్టింది. అదే ఎక్కుడు లాకప్ పట్టి ఎక్కితే గేర్లు, పంపు కలిసి పుట్టించే వేడి రెండు కిలోవాట్ల చుట్టుపక్కలే ఉంటుంది. అంత వేడిని బండితో వచ్చిన కూలర్ చాలావరకు తేలిగ్గానే మోస్తుంది.

కాబట్టి డబ్బు పెట్టకముందు చేయాల్సిన పని, ఎక్కుడు మీద లాకప్ పట్టి ఉంచడం. లాకప్ పట్టిందో లేదో కనుక్కోవడానికి ఒక తేలిక పద్ధతి ఉంది. ఒకే గేర్లో నిలకడగా వెళ్తూ యాక్సిలరేటర్ కొద్దిగా నొక్కి వదలండి. వేగం మారకుండా ఆర్పీఎం ముల్లు రెండు మూడు వందలు పైకి లేచి మళ్లీ దిగితే లాకప్ లేదని అర్థం. ముల్లు కదలకుండా, బండి మాత్రం బిగువుగా ముందుకు తోస్తే లాకప్ పట్టినట్టే. పట్టకపోతే మాన్యువల్ మోడ్‌లోకి వెళ్లి ఒక గేర్ దించి చూడండి. చాలా బండ్లు పై గేర్లో ఆర్పీఎం తక్కువై, లోడు ఎక్కువైనప్పుడు లాకప్ వదిలేస్తాయి. గేర్ దించి ఆర్పీఎం 2,500 దాకా తెస్తే మళ్లీ పట్టుకుంటాయి. ఇంజిన్ అరుస్తోందని టెన్షన్ పడొద్దు. ఆ అరుపులో ఆయిల్ చల్లబడుతుంది, ఎందుకంటే గేర్ పంపు, నీళ్ల పంపు రెండూ వేగంగా తిరుగుతాయి. టో మోడ్ బటన్ ఉన్న బండ్లలో ఆ బటన్ చేసేది కూడా ప్రధానంగా ఇదే. లాకప్ ముందే పడుతుంది, పై గేర్లు ఆలస్యంగా పడతాయి. ఆ బటన్ ఉండి నొక్కకుండా కారవాన్ లాగేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది.

ఆ రోజు నేను చేసింది అదే. పక్కన చోటు దొరకగానే ఆపాను, లారీని పోనిచ్చాను. ఇంజిన్ ఆపలేదు. హ్యాండ్ బ్రేక్ వేసి, న్యూట్రల్‌లో పెట్టి, 1,200 ఆర్పీఎం దగ్గర ఉంచాను. ఆరేడు నిమిషాల్లో వేడి 100 కిందికి దిగింది. పార్క్ కాకుండా న్యూట్రల్ ఎందుకంటే, కొన్ని పాత గేర్‌బాక్స్‌లలో పార్క్‌లో కూలర్ వైపు ఆయిల్ ప్రవహించదు. తర్వాత మూడో గేర్లో 55 వేగంతో, లాకప్ పట్టి ఎక్కాను. అదే కొండ మిగతా సగం 104 దాటలేదు. ఆయిల్ మార్చలేదు, కూలర్ పెట్టలేదు. మారింది గేరూ వేగమూ మాత్రమే.

ఆయిల్: కంపెనీ చెప్పిందా, చిక్కనిదా, అన్నిటికీ సరిపోయేదా

ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో పోసే ఆయిల్‌ని ఏటీఎఫ్ అంటారు. కారవాన్ కడుతున్నామనగానే అందరూ చెప్పే సలహా, కాస్త చిక్కటిది పోయమని. వినడానికి సబబుగానే ఉంటుంది. బరువు ఎక్కువ కాబట్టి పూత మందంగా ఉండాలి కదా అనిపిస్తుంది. ఇంజిన్ ఆయిల్ విషయంలో ఈ ఆలోచనలో కొంత నిజం ఉంది. ఏటీఎఫ్ విషయంలో మాత్రం ఇది పొరపాటు.

ఏటీఎఫ్ చేసే పని ఒక్క జిడ్డు పట్టించడమే అయితే గొడవే లేదు. గేర్లు మార్చే వాల్వుల్లో ఒత్తిడిని మోసేది అదే, కన్వర్టర్‌లో శక్తిని అందించేది అదే, క్లచ్ పలకలు ఎంత మెత్తగా, ఎంత గట్టిగా పట్టుకోవాలో నిర్ణయించేదీ అదే. గేర్‌బాక్స్ కంప్యూటర్ క్లచ్ నిండటానికి ఎన్ని మిల్లీసెకన్లు పడుతుందో లెక్క కట్టేది ఆ ఆయిల్ పలచదనాన్ని బట్టే. పాత డెక్స్‌రాన్ 3 రకం ఆయిల్ చిక్కదనం 100 డిగ్రీల దగ్గర ఏడున్నర సెంటిస్టోక్స్ దరిదాపుల్లో ఉండేది. 2005లో వచ్చిన డెక్స్‌రాన్ 6 ఆరు దగ్గర ఉంటుంది. ఇప్పటి పది గేర్ల బాక్సుల్లో వాడే అతి పలచని రకాలు నాలుగున్నర దగ్గరికి దిగాయి. నాలుగున్నర కోసం గీసిన వాల్వుల్లో ఏడున్నర పోస్తే గేర్లు ఆలస్యంగా, కుదుపుగా పడతాయి. పంపు ఎక్కువ కష్టపడుతుంది. కూలర్ సన్నని దారుల్లో ప్రవాహం తగ్గుతుంది. చిక్కటి ఆయిల్ పోసి వేడి తగ్గిద్దామనుకున్నవాళ్లకు వేడి పెరిగే అవకాశమే ఎక్కువ.

అన్ని బండ్లకూ సరిపోతుందని డబ్బా మీద రాసి ఉండే రకంతో నాకు సొంత అనుభవం ఉంది. ఈ బండికి ముందున్న బండికి ఒక వర్క్‌షాప్‌లో గేర్ ఆయిల్ మార్పించాను. కంపెనీ చెప్పిన గ్రేడు దొరకలేదని, ఇది అంతకంటే మంచిదని చెప్పి అన్నిటికీ సరిపోయే రకం పోశారు. మొదటి వారం బాగానే ఉంది. తర్వాత 60, 70 వేగంలో యాక్సిలరేటర్ తేలిగ్గా నొక్కి ఉంచినప్పుడల్లా బండి సన్నగా వణికేది. రోడ్డు అంచున గరుకు గీతల మీద చక్రం ఎక్కినట్టు రెండు మూడు సెకన్లు వణుకు, తర్వాత మామూలే. సీట్ల మధ్య పెట్టిన సీసాలో నీళ్ల మీద సన్నని అలలు కనబడేవి. టైర్ల బ్యాలెన్స్ చూపించాను, ఇంజిన్ మౌంట్లు చూపించాను. చివరికి తేలింది ఏమిటంటే, లాకప్ క్లచ్ పట్టుకుంటూ జారుతూ ఉంది. ఆ ఆయిల్‌లో ఉండాల్సిన ఘర్షణ గుణం ఆ క్లచ్‌కి సరిపోలేదు. సరైన గ్రేడు రెండు సార్లు మార్చాక వణుకు పోయింది. ఆలస్యం చేసి ఉంటే క్లచ్ పలక కాలిపోయేది.

అందుచేత నా ఎంపిక ఇలా ఉంటుంది. బండి మాన్యువల్‌లో ఏ గ్రేడు రాసి ఉందో అదే పోయాలి. అది బండి కంపెనీ డబ్బాలోదే కానక్కర్లేదు. అదే గ్రేడుకి ఆమోదం పొందిన సింథటిక్ ఏటీఎఫ్ వేరే తయారీది అయినా పర్వాలేదు. అయితే డబ్బా మీద ఆ గ్రేడుకి ఆమోదం ఉందని రాసి ఉండాలి, ఆ గ్రేడులో వాడుకోవచ్చని మాత్రమే రాసి ఉంటే చాలదు. రెంటికీ తేడా ఉంది. మొదటిదాన్ని గేర్‌బాక్స్ తయారుచేసినవాళ్లు పరీక్షించారు, రెండోది ఆయిల్ అమ్మేవాళ్ల మాట. సీవీటీ అయితే ఈ విషయంలో అసలు రాజీ పనికిరాదు. అందులో ఉక్కు బెల్టు పుల్లీ మీద జారకుండా పట్టుకోవాలి, దానికి కావాల్సిన ఘర్షణ మామూలు ఏటీఎఫ్‌లో ఉండదు. అదీగాక చాలా సీవీటీ బండ్లకు లాగే బరువు పరిమితి తక్కువగా ఉంటుంది. కారవాన్ కోసమే బండి కొంటున్నట్టయితే టార్క్ కన్వర్టర్ ఉన్నదే తీసుకోమంటాను. డ్యూయల్ క్లచ్ రకం హైవే మీద బాగానే లాగుతుంది. ఎక్కుడు మీద ఆగి ఆగి కదలాల్సి వచ్చినప్పుడు మాత్రం ఆ క్లచ్‌లు త్వరగా వేడెక్కుతాయి.

గ్రేడు తేలిపోయాక అసలు తేడా తెచ్చేది ఎప్పుడు మారుస్తామన్నది. ఆయిల్ ఆయుష్షు గురించి మెకానిక్‌లు వాడే ఒక మోటు లెక్క ఉంది. దాదాపు 80 డిగ్రీల తర్వాత ప్రతి పది డిగ్రీల పెరుగుదలకీ ఆయుష్షు సగమవుతుంది. ఇది పాత ఆయిళ్ల మీద పుట్టిన లెక్క, ఇప్పటి సింథటిక్‌లు అంతకంటే బాగా తట్టుకుంటాయి. అయినా దిశ మాత్రం అదే. ఏడాదిలో నాలుగైదు కొండలు 120 దగ్గర ఎక్కితే ఆ నాలుగైదు గంటలే, ఈ లెక్కన, 80 దగ్గర అరవై నుంచి ఎనభై గంటలు నడిచినంతగా ఆయిల్‌ని తినేస్తాయి. చాలా బండ్ల మాన్యువల్‌లో గేర్ ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదని ఉంటుంది. కానీ గేర్‌బాక్స్‌లు తయారుచేసే జెడ్‌ఎఫ్ సంస్థే తన ఆటోమేటిక్‌లకు 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. తరచుగా కారవాన్ లాగే బండికి నేను 50,000 దగ్గర మార్పిస్తాను.

మార్చేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది ఒకటి. కింద ప్లగ్ విప్పితే దిగేది మొత్తం ఆయిల్‌లో సగం లోపే. మిగతాది కన్వర్టర్‌లో, గొట్టాల్లో ఉండిపోతుంది. అందుకని ఒకసారి దించి పోసి, కొన్ని వందల కిలోమీటర్లు నడిపి మళ్లీ దించి పోయడం మంచిది. రెండుసార్లకు ముప్పావు వంతు దాకా కొత్తది అవుతుంది. దించిన ఆయిల్‌ని తెల్ల గుడ్డ మీద ఒక చుక్క వేసి చూడండి. కొత్తది చాలా రకాల్లో ఎర్రగా ఉంటుంది. ఇటుక రంగులోకి తిరగడం మామూలే. కాఫీ రంగులో ఉండి మాడిన వాసన వస్తే క్లచ్ పలకలు కాలాయని అర్థం. కింద పళ్లెంలో అయస్కాంతానికి నల్లటి మెత్తటి బురద అంటుకుని ఉంటే కంగారు లేదు, అరుగుదల అంతే. చేతికి గుచ్చుకునే లోహపు తునకలు తగిలితే గేర్‌బాక్స్ విప్పాల్సిందే.

ఇక లెవెల్. ఇప్పటి చాలా గేర్‌బాక్స్‌లకు డిప్‌స్టిక్ ఉండదు. ఇంజిన్ నడుస్తుండగా, ఆయిల్ ఒక నిర్ణీత వేడి దగ్గర ఉన్నప్పుడు, పొర్లే ప్లగ్ విప్పి చూడాలి. ఆ వేడి బాక్సుని బట్టి మారుతుంది. వేడిగా ఉన్నప్పుడు చూస్తే ఆయిల్ పొంగి ఉంటుంది కాబట్టి తక్కువ పోసినవాళ్లమవుతాం. ఎక్కువ పోస్తే గేర్లు దాన్ని చిలికి నురగ చేస్తాయి, నురగకు ఒత్తిడి మోసే శక్తి ఉండదు. నా అనుభవంలో కారవాన్ బండ్లు ఎక్కువగా పాడయ్యేది తప్పుడు బ్రాండు వల్ల కాదు, తప్పుడు లెవెల్ వల్లే.

కూలర్: పెట్టించాలా వద్దా అన్నది కొలిచి తేల్చుకోండి

గేర్ ఆయిల్ చల్లబడే దారులు రెండు. మొదటిది రేడియేటర్ పక్క ట్యాంకులో ఉండే చిన్న గొట్టం లేదా గేర్‌బాక్స్‌కే బిగించిన పెట్టె. అందులో ఇంజిన్ నీళ్లే ఆయిల్‌ని చల్లబరుస్తాయి. నీళ్లే 90 డిగ్రీలుంటే ఆయిల్ అంతకంటే కిందికి దిగదు కదా. రెండోది రేడియేటర్ ముందు బిగించే గాలి కూలర్. దానికి బయటి గాలే ఆధారం, అందుకే దాని శక్తి చాలా ఎక్కువ. కానీ గాలి ఆడితేనే.

కూలర్ కొనేముందు ఒకటే పని చేయమంటాను. ఓబీడీ రీడర్ పెట్టుకుని, లోడుతో, మీరు మామూలుగా వెళ్లే దారుల్లోకెల్లా కష్టమైన ఎక్కుడు ఒకసారి లాకప్ పట్టి ఎక్కండి. సెన్సర్ చాలా బండ్లలో కింద పళ్లెంలో ఉంటుంది. కన్వర్టర్ నుంచి అప్పుడే బయటికొచ్చే ఆయిల్ దానికంటే బాగా వేడిగా ఉంటుందని గుర్తుంచుకోండి. పళ్లెంలో 100 దాటకపోతే కూలర్ అక్కర్లేదు. ఎక్కుడు మీద మాత్రమే 100కీ 115కీ మధ్య తిరిగి, చదును రాగానే దిగిపోతుంటే ఆయిల్ తొందరగా మార్చుకుంటే చాలు. లాకప్ పట్టి ఎక్కినా తరచూ 120 తాకుతుంటే కూలర్ కావాల్సిందే. 130 కనబడితే ఆ ప్రయాణంలోనే ఆగి చల్లార్చాలి, ఆ వేడి దగ్గర రబ్బరు సీళ్లు గట్టిపడడం మొదలవుతుంది. కొన్ని కొత్త బాక్సులు పలచని ఆయిల్‌తో కావాలనే కాస్త వేడిగా నడుస్తాయి. కాబట్టి కారవాన్ లేకుండా మీ బండి హైవే మీద ఎంత చూపిస్తుందో ముందే రాసి పెట్టుకోండి. మామూలుకి 95 చూపించే బండిలో 105కి కంగారు పడక్కర్లేదు. మామూలుకి 80 ఉండే బండిలో 105 అంటే ఆలోచించాలి.

కొత్త బండి కొనేవాళ్లకు ముందున్న ఎంపికల్లో కంపెనీ టో ప్యాకేజీకే నా ఓటు. అందులో ఆయిల్ కూలర్ ఒక్కటే కాదు, బండిని బట్టి పెద్ద రేడియేటర్, బలమైన ఫ్యాన్, దానికి తగిన సాఫ్ట్‌వేర్ కలిసి వస్తాయి. తర్వాత బయట పెట్టించే కూలర్‌తో ఆయిల్ చల్లబడుతుంది గానీ ఫ్యాన్ ఎప్పుడు తిరగాలో బండి కంప్యూటర్‌కి తెలియదు. లారీ వెనక 40 వేగంలో ఎక్కుతున్నప్పుడు ఎదురుగాలి లేదు, ఫ్యాన్ నెమ్మదిగా ఉంది. సరిగ్గా కూలర్ అవసరమైన ఆ క్షణంలోనే అది సగం పని చేస్తుంది. అలాంటి దారులే మీవైతే సొంత ఫ్యాన్, వేడి స్విచ్ ఉన్న కూలర్ తీసుకోండి.

బయట దొరికే కూలర్లలో మెలికల గొట్టానికి సన్నని రేకులు అతికించిన రకం చవక, తక్కువ శక్తి. పలకలు పొరలు పొరలుగా పేర్చిన రకం, స్టాక్డ్ ప్లేట్ అంటారు, అదే చోటులో బాగా ఎక్కువ వేడి లాగుతుంది. చల్లని ఆయిల్ చిక్కగా ఉన్నప్పుడు కూడా అందులో దారి మూసుకుపోదు. 1,500 కిలోల కారవాన్‌కి నేను రెండోదే ఎంచుకున్నాను, మధ్యస్థ సైజులో.

సైజు పెద్దదైతే ఇంకా మంచిదని అనుకోవద్దు. ఆయిల్ తగినంత వేడెక్కకపోతే చాలా బాక్సులు లాకప్ పట్టనివ్వవు, గేర్లు బరువుగా పడతాయి, డీజిల్ ఎక్కువ తాగుతాయి. ఖాళీ బండితో చలిలో తిరిగే రోజులే ఏడాదిలో ఎక్కువ కదా. అందుకే కూలర్ లైన్లో థర్మోస్టాట్ పెట్టించాలి. ఆయిల్ వేడెక్కేదాకా అది కూలర్‌ని పక్కకు తప్పిస్తుంది. పాత రేడియేటర్ కూలర్‌ని తీసేయాలా వద్దా అన్నదానికీ ఇక్కడే జవాబుంది. ఉంచండి. గేర్‌బాక్స్ నుంచి వచ్చే వేడి ఆయిల్ ముందు రేడియేటర్‌లోకి, అక్కణ్ణుంచి గాలి కూలర్‌లోకి, తర్వాత తిరిగి గేర్‌బాక్స్‌లోకి వెళ్లాలి. ఈ వరస తిరగబడితే గాలి చల్లార్చిన ఆయిల్‌ని ఇంజిన్ నీళ్లు మళ్లీ వేడి చేస్తాయి. రేడియేటర్ కూలర్‌ని పూర్తిగా తప్పించడానికి నాకు తెలిసి ఒక్కటే గట్టి కారణం ఉంది. రేడియేటర్ పాతబడి లోపల చిల్లు పడితే నీళ్లూ ఆయిలూ కలిసిపోతాయి. గులాబీ రంగు మజ్జిగలా తయారవుతుంది, అది క్లచ్ పలకల జిగురుని ఊడగొడుతుంది. బండి పదేళ్లు దాటి రేడియేటర్ పాతదే ఉంటే తప్పించే బదులు రేడియేటర్ మార్చడమే మేలు.

డీజిల్: బరువు కంటే ఎత్తు ఎక్కువ తాగుతుంది

పైన చెప్పిన బండీ కారవానే తీసుకుని లెక్క చూపిస్తాను. ఇవి చదును దారి, గాలి లేని రోజు అంచనాలు. మీ బండికి అంకెలు కొద్దిగా మారతాయి, వాటి మధ్య దూరం మాత్రం ఇలాగే ఉంటుంది.

| ఏం లాగుతున్నాం, ఎంత వేగం | లీటరుకు సుమారు |
|---|---|
| బండి ఒక్కటే, 90 | 13 కి.మీ. |
| 1,500 కిలోల చదును ట్రైలర్, 90 | 10.5 కి.మీ. |
| 1,500 కిలోల కారవాన్, 80 | 9 కి.మీ. |
| అదే కారవాన్, 90 | 7.5 కి.మీ. |
| అదే కారవాన్, 110 | 6 కి.మీ. |

రెండో వరసనీ నాలుగో వరసనీ పక్కపక్కన పెట్టి చూడండి. బరువు ఒకటే, వేగం ఒకటే. ఇటుకలో మట్టో వేసుకున్న పొట్టి ట్రైలర్ బండి నీడలోనే దాక్కుంటుంది. కారవాన్ ముందు గోడ మాత్రం బండి పైకప్పు దాటి రెండున్నర మీటర్ల ఎత్తుకు లేచి గాలికి ఎదురు నిలబడుతుంది. 90 వేగంలో ఈ కారవాన్ జతని ఆపుతున్న బలంలో దాదాపు 70 శాతం గాలిదే, టైర్ల రాపిడి 30 శాతమే. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి 90 నుంచి 110కి వెళ్తే అది ఒకటిన్నర రెట్లవుతుంది. అందుకే కారవాన్‌లో సామాను వంద కిలోలు తగ్గించినా చదును దారిలో మైలేజీ పెద్దగా మారదు, వేగం 10 తగ్గిస్తే వెంటనే మారుతుంది. ఎక్కుడు దారిలో లెక్క తిరగబడి బరువే రాజవుతుంది.

ఎదురుగాలిని జనం మరిచిపోతారు. 20 వేగంతో ఎదురుగాలి ఉన్న రోజు మీరు 90లో వెళ్తే గాలికి తెలిసేది 110. మీటర్ మీద 90 ఉంటుంది, డీజిల్ మాత్రం 110 లెక్కన పోతుంది. 70 లీటర్ల ట్యాంకుతో ఒంటరి బండి 900 కిలోమీటర్లు వెళ్లేది, ఆ రోజు 400 చుట్టూ ఆగిపోతుంది. కారవాన్ కట్టిన రోజు బండి చూపించే మిగిలిన కిలోమీటర్ల అంకెని మొదటి గంట నమ్మొద్దు, అది నిన్నటి ఖాళీ నడకని చూసి లెక్క కడుతుంది.

ఆయిల్ బ్రాండు మార్చి మైలేజీ పెంచుదామన్న ఆశ మాత్రం వదులుకోండి. సరైన గ్రేడులో ఒకదానికీ ఇంకోదానికీ తేడా, ఆయిల్ వేడెక్కాక, మీటర్‌లో కనబడేంత ఉండదు. లాకప్ తేడా మాత్రం కనబడుతుంది. ఎనిమిదిన్నర కిలోవాట్ల వేడి అన్నాను చూడండి, అది డీజిల్ నుంచే వచ్చింది. ఆ ఎక్కుడు మీద గంటసేపు అలా స్లిప్‌లో నడిస్తే ఇంజిన్ సామర్థ్యాన్ని బట్టి రెండు లీటర్లకు పైగా డీజిల్ గేర్ ఆయిల్‌ని కాచడానికే ఖర్చయినట్టు. గేర్ దించితే ఆర్పీఎం పెరిగి డీజిల్ ఎక్కువ తాగుతుందేమో అని అనుమానపడేవాళ్లకు నేను చూపించేది ఈ అంకెనే.

నాకు చివరికి ఏం కుదిరిందంటే: మాన్యువల్ చెప్పిన గ్రేడు సింథటిక్, 50,000కి ఒకసారి మార్పు, థర్మోస్టాట్‌తో మధ్యస్థ స్టాక్డ్ ప్లేట్ కూలర్, చదునులో 85 వేగం. అదే కొండ ఇప్పుడు ఎక్కితే 98 దాటడం లేదు. మీరు వెళ్లే దారులు చదునువైతే వీటిలో కూలర్ తీసేసి మిగతావి ఉంచుకోండి.

కూలర్ పెట్టించుకున్నవాళ్లు మాత్రం బిగించిన చోటి నుంచి వెంటనే దూర ప్రయాణానికి బయల్దేరకండి. కూలరూ గొట్టాలూ కలిసి అర లీటరు దాకా ఆయిల్ పీల్చుకుంటాయి, కాబట్టి లెవెల్ మళ్లీ చూపించాలి. వేసిన గొట్టం ఏటీఎఫ్ కోసం తయారైనదే అయి ఉండాలి, హీటర్ నీళ్ల గొట్టం వేస్తే ఆయిల్ దాన్ని ఉబ్బించేస్తుంది. రేడియేటర్ రేకుల గుండా ప్లాస్టిక్ పుల్లలు దూర్చి కూలర్‌ని కట్టనివ్వకండి, వణుకుకి అవి రేడియేటర్‌ని కోసేస్తాయి. బ్రాకెట్‌తో బాడీకి బిగించమనండి. తర్వాత 50 కిలోమీటర్లు ఖాళీ బండితో తిరిగి వచ్చి, వేడి మీదున్నప్పుడే ప్రతి క్లిప్పు కిందా ఒక తెల్ల కాగితం ఒత్తి చూడండి. ఎర్ర మరక లేకపోతే కారవాన్ కట్టుకోవచ్చు.